తోతాపురి డ్రమ్ముల వెంట రోటర్‌డామ్ దాకా: పరిచయాలు ఎట్లా కూడాయంటే

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో క్వాలిటీ విభాగంలో కొన్నేళ్ళు పనిచేశాను. మా ఆయనకి నెదర్లాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, నేనూ ఆయనతోపాటు వెళ్ళాను. నైపుణ్యం ఉన్న ఉద్యోగిగా వీసా తెచ్చుకున్నవాళ్ళ భార్యకైనా భర్తకైనా అక్కడ ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంటుంది. విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదని నివాస కార్డు మీదే అచ్చేసి ఇస్తారు. హక్కయితే ఉంది గానీ నన్ను ఎరిగినవాళ్ళే లేరు. నా బయోడేటాలో ఉన్న ఫ్యాక్టరీ పేర్లు పలమనేరులో చెబితే 'ఓ, బైపాస్ పక్కన ఉండేదా' అంటారు. రోటర్‌డామ్‌లో ఎవరంటారు? దరఖాస్తు పెట్టిన ప్రతిచోటి నుంచీ మర్యాదగా ఒకే రకం మెయిలు వచ్చేది.

ముందు తెలుగువాళ్ళ దగ్గరికే వెళ్ళాను. ఉగాదికి ఒక హాలు అద్దెకి తీసుకుని అందరూ కలుస్తారు. ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, ఏ డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, కరివేపాకు ఏ అంగట్లో తాజాగా ఉంటుంది, అన్నీ అక్కడే తెలిశాయి. ఆ మేలు ఇప్పటికీ మరిచిపోలేదు. ఉద్యోగం మాటెత్తితే మాత్రం అందరూ సాఫ్ట్‌వేరే. 'టెస్టింగ్ కోర్సు చేసెయ్యండి, మూడు నెల్ల పని' అని పదిమంది సలహా చెప్పారు. పురుగుమందుల అవశేషాలు, పులుపు, తీపిని చెప్పే బ్రిక్స్ కొలిచిన చేతులకి ఆ టెస్టింగ్ మీద మనసు పోలేదు. మన ఊరివాళ్ళ గుంపు ఇల్లు నిలబెడుతుంది, కానీ మన వృత్తి అందులో లేనప్పుడు ఉద్యోగానికి ఇంకో దారి చూసుకోవాల్సిందే.

ఆ దారి ఇండియన్ స్టోర్‌లో దొరికింది. అక్కడ మామిడి గుజ్జు డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. బయటి దేశం నుంచి వచ్చిన ఆహారమైతే దాన్ని యూరప్‌లోకి దింపిన కంపెనీ పేరు, చిరునామా లేబుల్ మీద ఉండి తీరాలన్నది అక్కడి చట్టం. ధర చూసే అలవాటు మానేసి డబ్బా తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. అంగడి మారితే బ్రాండు మారేది, దిగుమతిదారుల పేర్లు మాత్రం అవే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ కంపెనీల్లో క్వాలిటీ చూసేవాళ్ళెవరో లింక్డ్‌ఇన్‌లో వెతికి ఒక పట్టిక రాసుకున్నాను. పెద్ద సరుకు డబ్బాల్లో రాదు. జ్యూసులకీ పెరుగు కంపెనీలకీ పోయే గుజ్జు సుమారు 215 కిలోల డ్రమ్ముల్లో, లోపల స్టెరైల్ సంచీల్లో వస్తుంది. అలాంటివి ఇరవై అడుగుల కంటైనర్‌కి ఎనభై పడతాయి. అయితే డబ్బాలు తెప్పించేవాళ్ళలో కొందరు డ్రమ్ములూ తెప్పిస్తారు. అందుకే డబ్బా దగ్గర మొదలుపెట్టడం దండగ కాలేదు.

రాసేటప్పుడు ఉద్యోగం మాటే ఎత్తలేదు. 'చిత్తూరులో తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. మా డ్రమ్ములు మీ దగ్గరికి చేరాక మొదట ఏ పరీక్ష చేస్తారో తెలుసుకోవాలనుంది. ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? ఫలానా మంగళవారం గానీ గురువారం గానీ' అని రాశాను. జవాబు రాయనివాళ్ళే ఎక్కువ. రాసినవాళ్ళందరూ క్వాలిటీవాళ్ళే, కొనుగోలు విభాగంవాళ్ళు ఒక్కరూ రాయలేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. కొనేవాళ్ళకి నేను ఏదో అమ్మడానికి వచ్చినదాన్ని. క్వాలిటీవాళ్ళకైతే, తాము మెయిళ్ళలో మాత్రమే చూసే ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో చెప్పగలిగిన మనిషిని.

డచ్చివాళ్ళతో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే. మన దగ్గర 'అట్టా వస్తా వస్తా తొంగిచూశా' అంటే ప్రేమ. అక్కడ అది ఇబ్బంది. ముందే డైరీలో రాయించుకోవాలి, చెప్పిన వేళకి ముగించాలి. పద్దెనిమిదో నిమిషంలో నేనే 'ఇంకో రెండు నిమిషాలుంది, మీకు తెలిసినవాళ్ళలో నేను మాట్లాడదగ్గవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా' అని అడిగేదాన్ని. మొహమాటం లేని మనుషులు కాబట్టి లేకపోతే లేరనే అంటారు, ఉంటే అక్కడే మెయిలు పెట్టి ఇద్దర్నీ కలుపుతారు. మన దగ్గరిలా 'చూద్దాం లేమ్మా' అన్న మధ్యరకం జవాబు లేకపోవడం నాకు ప్రాణానికి హాయిగా ఉండేది.

రెండో దారి ఫుడ్ బ్యాంకు. సూపర్ మార్కెట్లలో మిగిలిన సరుకు తెచ్చి, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకి వారం వారం పెట్టెల్లో సర్ది ఇస్తారు. పనంతా వాలంటీర్లదే. డచ్ భాష నోటికి రావాలని వెళ్ళాను, తేదీలు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ప్యాకెట్ల మీద తేదీలు రెండు రకాలు. ఒకటి దాటితే రుచి తగ్గవచ్చు గానీ కొంతకాలం ఇవ్వొచ్చు. రెండోది, చేపా పచ్చి మాంసం లాంటివాటి మీద ఉండేది, దాటిందంటే ఇవ్వకూడదు. చలిపెట్టెల ఉష్ణోగ్రత రాసే పుస్తకం కూడా ఉంటుంది. నాకు తెలిసిన పనే కాబట్టి చేతులు వాటంతటవే సాగాయి. నా పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఉండేవాడు. పాలపొడి ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. కొన్ని వారాలు నా పని చూశాక ఒకరోజు మజ్జిగ తాగుతూ, అవును, వాళ్ళు మధ్యాహ్నం బ్రెడ్డుతో మజ్జిగ తాగుతారు, చిత్తూరు మనిషికి అంతకన్నా ఏం కావాలి, 'నువ్వు ఇక్కడెందుకున్నావు, ఏదైనా కంపెనీలో ఉండాల్సినదానివి కదా' అన్నాడు. నా బయోడేటా తీసుకెళ్ళి ఎర్ర పెన్నుతో మొదటి పేజీ అంతా కొట్టేశాడు. ఫ్యాక్టరీల పేర్లకి బదులు పైన మూడే సంగతులు రాయించాడు: ఏ ఆడిట్లు ముందుండి జరిపించాను, ఏడాదికి ఎన్ని టన్నుల గుజ్జుకి సంతకం పెట్టాను, ఏ దేశాల కొనుగోలుదారులకి జవాబు చెప్పాను. 'ఊరి పేరు మాకు తెలీదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000 తెలుసు' అన్నాడు, అది ఆహార భద్రతకిచ్చే సర్టిఫికెట్. నివాస కార్డు మీది మాట కూడా మొదటి వరసలోనే పెట్టమన్నాడు. వర్క్ పర్మిట్ తలనొప్పి ఉంటుందని భయపడి చాలామంది అక్కడితోనే చదవడం ఆపేస్తారట.

ఇక ఊరి సంగతి. వెళ్ళిన కొత్తలో చిత్తూరు ఫోన్లు రోజూ మోగేవి, తర్వాత తగ్గాయి. దానికి బాధపడాల్సిందేం లేదు. గుజ్జు ఫ్యాక్టరీ మనిషికి ఏడాదంతా ఒకేలా ఉండదు. జూన్, జూలైల్లో కాయ దిగేటప్పుడు రాత్రింబవళ్ళు మిల్లు ఆడుతుంది. అప్పుడు ఫోన్ చేసి 'ఎట్లుండారు' అని అడిగితే మర్యాదకి ఎత్తుతారు గానీ లోపల తిట్టుకుంటారు. అందుకని సీజను ప్రకారం మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. సంక్రాంతి తర్వాత పూత గురించి, ఏప్రిల్‌లో పిందె నిలిచిందా లేదా అని, మే నెలలో గంగజాతర పేరు చెప్పి ఇళ్ళలోవాళ్ళ గురించి. సీజన్లో చిన్న వాయిస్ మెసేజ్ మాత్రమే, జవాబు ఆశించకుండా. సెప్టెంబరులో మిషన్లు కడిగి మూసేశాక తీరిగ్గా ఒక్కొక్కరితో గంట. ఎండాకాలంలో మన గడియారం వాళ్ళ కన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో నాలుగున్నర. వాళ్ళు గడియారం మార్చే అక్టోబరు చివరి ఆదివారం నాటి నుంచి మా ల్యాబ్‌లో నేను చెల్లెలని పిలిచే పిల్లకి నా ఫోన్ నిద్రపోయే వేళకి వెళ్ళేది. ఆ పిల్ల చెప్పేదాకా నేను గమనించలేదు.

పాత పరిచయాలూ కొత్తవీ ఒకచోట కలిసింది 2023 అక్టోబరులో, జర్మనీలోని కొలోన్‌లో. రెండేళ్ళకోసారి అక్కడ అనూగా అని పెద్ద ఆహార సంత జరుగుతుంది. మన వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా వాళ్ళు భారత్ తరఫున స్టాళ్ళు పెట్టిస్తారు, చిత్తూరు నుంచీ కొందరు వస్తారు. నేనుండే ఊరి నుంచి రైల్లో పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. మా పాత ప్రొడక్షన్ సార్ వస్తున్నారని తెలిసి టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే 'ఏమ్మా, బాగుండావా, తిన్నావా' అని, మరుక్షణం 'ఈయన ఏదో అడగతా ఉండాడు చూడు' అని ఒక జర్మన్ ఆయన్ని నా వైపు తిప్పారు. ఆ పూటంతా స్టాల్ దగ్గరే గడిచింది. మధ్యాహ్నం, నేను ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడిన దిగుమతి కంపెనీ క్వాలిటీ మేడమ్ అటుగా వచ్చింది. మా సార్‌కి ఆమెనీ, ఆమెకి మా సార్‌నీ నేనే పరిచయం చేశాను. అంతదాకా ఆమె దృష్టిలో నేను ఉద్యోగం వెతుక్కునే ఒక ప్రవాసిని. ఆ పది నిమిషాల్లో, ఫ్యాక్టరీ పెద్ద తన కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించే మనిషినయ్యాను. నా గురించి నేను ఎన్ని మెయిళ్ళలో రాసుకున్నా ఆ మాట రాసుకోలేను.

కొన్ని వారాల తర్వాత ఆమే ఫోన్ చేసింది. చిత్తూరు దగ్గరి వేరే ఫ్యాక్టరీ నుంచి వాళ్ళకి ఒక కంటైనర్ రావాలి. ముందుగా పంపిన నమూనాలో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు కిలోకి 0.014 మిల్లీగ్రాములు తేలింది. యూరప్‌లో దానికి హద్దు 0.01. 2020 చివరి నుంచి అంతే, అంటే దాదాపు ఉండకూడదనే. మన తోపుల్లో చెదలకీ కాండం తొలిచే పురుగుకీ ఆ మందు వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ల్యాబ్ కొలతలో యాభై శాతం అటూఇటూ ఉండొచ్చని అక్కడి నిబంధనలే ఒప్పుకుంటాయి. ఆ లెక్కన అసలు విలువ 0.007 కావచ్చు, 0.021 కావచ్చు. తనిఖీ అధికారి అయితే ఆ తేడా తీసేసి చూస్తాడు. కొనేవాళ్ళు అట్లా చూడరు, కాగితం మీద 0.014 ఉంటే వాళ్ళకి 0.014 అనే లెక్క. 'మొత్తం వద్దందామా' అని ఆమె అడిగింది.

ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసేది మా చెల్లెలే, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఒక్క ఫోన్ చేస్తే లోపలి సంగతంతా చెప్పేది. అట్లా అడగలేదు. ఆ పిల్ల ఉద్యోగం నా పరిచయాలకి పెట్టుబడి కాదు కదా. బదులుగా, ఫ్యాక్టరీని అధికారికంగా ఏం అడగాలో మేడమ్‌కి చెప్పాను. ప్రతి డ్రమ్ము మీదా తేదీ, షిఫ్టు తెలిపే లాట్ నంబరు ఉంటుంది. ఎనభై డ్రమ్ములంటే ఒకే లాట్ అనుకోకండి, లాట్ వారీగా ఎన్నున్నాయో అడగండి. గేటు దగ్గర ట్రాక్టర్లకి టోకెన్ ఇచ్చే పుస్తకంలో ఏ రైతు, ఏ మండలం, ఎన్ని టన్నులో ఉంటుంది, ఆ రోజుల పేజీలు అడగండి. ప్రతి లాట్ నుంచీ ల్యాబ్‌లో దాచిపెట్టే నమూనా ఉంటుంది, వాటిని విడివిడిగా పరీక్షకి పంపించమనండి. చెల్లెలికి మాత్రం ఒకే మెసేజ్ పెట్టాను: 'ఒక మెయిల్ వస్తుంది, మీ మేనేజర్ చేత ఈరోజే జవాబు ఇప్పించు. ఆలస్యమైతే దాస్తున్నారనుకుంటారు.'

రెండు లాట్లున్నాయని తేలింది. యాభై డ్రమ్ములు పగటి షిఫ్టువి. వాటి కాయంతా ఫ్యాక్టరీతో ముందే ఒప్పందం ఉన్న రైతులది, ఏ మందు ఎప్పుడు కొట్టారో కార్డులున్నాయి. ముప్ఫై డ్రమ్ములు వాన పడిన రాత్రివి. ఆ రాత్రి సొంత ట్రాక్టర్లు రాక, మిల్లు ఆగకూడదని మండీ నుంచి కాయ తెచ్చారు. మండీ కాయకి తోపు ఏదో చెప్పేవాళ్ళుండరు, టోకెన్ పుస్తకంలో వ్యాపారి పేరే ఉంటుంది. నమూనాలు విడిగా పంపితే పగటి లాట్‌లో ఆ మందు కొలతకి అందనంత తక్కువ. రాత్రి లాట్‌లో 0.01 దాటింది. మొదటి నమూనా తీసింది ఆ రాత్రి డ్రమ్ములోంచే. యాభై డ్రమ్ములు ఉంచుకుని, ముప్ఫైకి బదులు వేరే లాట్ వేయించుకుని కంటైనర్ బయల్దేరింది. అప్పటి నుంచి ఆ కంపెనీ కొనుగోలు ఒప్పందంలోనే, ఒక కంటైనర్‌లో ఎన్ని లాట్లున్నా ప్రతిదానికీ విడి రిపోర్టు కావాలని రాసుకుంటోంది. 2024 మొదట్లో నాకు అక్కడే ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పాలపొడి పెద్దాయన ఫోన్ చేసి జీతం ఎంతని సూటిగా అడిగి, తక్కువ ఒప్పుకున్నావని కోప్పడ్డాడు.

ఉద్యోగం వచ్చాక ఊరి పరిచయాలు సులువవుతాయనుకుంటారు. నిజానికి కష్టమయ్యాయి. అంతదాకా నేను తోపు వైపు మనిషిని, ఇప్పుడు కొనేవాళ్ళ మనిషిని. చేరిన వారంలోనే మా మేనేజర్‌కి ఒక మెయిలు రాశాను: ఈ ఈ ఫ్యాక్టరీల్లో పనిచేశాను, వీటిలో నాకు స్నేహితులున్నారు, వీటిని సరఫరాదారులుగా ఆమోదించే కాగితం మీద నా సంతకం వద్దు. ఆమె ఆశ్చర్యపోలేదు, అది ఇంకొకరికి అప్పగించింది. ఊళ్ళోవాళ్ళకీ చెప్పాను. దామలచెరువు మండీలో తెలిసిన ఒక అన్న 'మీవోళ్ళు ఈసారి ఎంతదాకా పోతారు మా, మనలో మాట' అని అడిగితే, 'అన్నా, ధర మాట నన్నడగొద్దు, నేనూ నిన్నడగను. ఆఫీసుకి మెయిల్ పెట్టించు' అన్నాను. కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు వాన ఎంత పడిందో ఆయనే ఫొటో తీసి పంపిస్తాడు. నేను పెట్టుకున్న గీత ఇది: రోడ్డు మీద నిలబడినవాడికి కనిపించేదైతే అడుగుతాను. పూత, వాన, కాయ సైజు, గేటు బయట ట్రాక్టర్ల వరస. గేటు లోపలిదైతే, అంటే మిగిలిన స్టాకు, ఎవరి ఆర్డరు ఎంత, కిలో ఎంతకి కుదిరింది, అడగను, చెప్పబోయినా ఆపుతాను.

2025లో ఆ గీత మీద నిలబడటం కష్టమైంది. కాయ విపరీతంగా దిగింది, పాత ఏడాది గుజ్జు ఫ్యాక్టరీల్లోనే మిగిలి ఉంది. ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలిచాయి. ఫ్యాక్టరీలు కిలోకి ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండు అని ప్రకటించారు. గుడిపాల దగ్గర తోపున్న మా మామ ఫోన్ చేసి 'మీ ఊర్లో డబ్బా ఎంతకమ్ముతారు' అని అడిగాడు. అంగట్లో ధర అందరికీ కనిపించేదే కదా, చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఆఫీసులో అదే వారం 'ఈసారి చవక' అని సంతోషంగా ఒక మీటింగ్ జరిగింది. అందులో నేను ఒకటే మాట అన్నాను: ఇంత చవగ్గా పోయిన ఏడాది రైతు మందు కార్డు రాయడు, కూలీని పెట్టి కాయ ఏరించడు, వచ్చే ఏడాది రిపోర్టుల్లో అది కనిపిస్తుంది. ఒప్పందపు రైతుల కాయకి కొంచెం ఎక్కువిస్తే మనకే లాభమని లెక్క వేసి చూపించాను. సగం విన్నారు. ఒక ఫ్యాక్టరీతో ఆ పద్ధతి మొదలైంది, మిగతావాటితో లేదు.

ఇంకో రకం ఫోన్లు, 'మా పిల్లోడిని అక్కడికి లాగుమ్మా' అనేవి, వారానికొకటైనా ఉంటాయి. నేను ఎవర్నీ లాగలేనని ముందే చెప్తాను. నైపుణ్యం ఉన్న ఉద్యోగి వీసా మీద ఉద్యోగం ఇవ్వగల కంపెనీల పట్టికని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది. ఎవడైనా ఏజెంటు డబ్బడిగితే, వాడు చెప్పే కంపెనీ పేరు ఆ పట్టికలో ఉందేమో వెతకమంటాను. చాలాసార్లు అక్కడితోనే సంగతి తేలిపోతుంది. పేరు ఉన్నంత మాత్రాన ఏజెంటు నిజం చెప్తున్నట్టు కాదనీ, ఆ కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టమనీ కూడా చెప్తాను. ఫుడ్ టెక్నాలజీ చదివిన పిల్లలైతే వేరే. వాళ్ళ బయోడేటా తెప్పించి, ఎర్ర పెన్నుకి నాలుగు ప్రశ్నలు జోడించి తిప్పి పంపుతాను. జవాబులు రాసి పంపినవాళ్ళతోనే మాట్లాడతాను. నలుగురిలో ఒకరు రాస్తారు.

ఇప్పుడు సెలవు మీద చిత్తూరులో ఉన్నాను. ఈ సీజన్లో మా కంపెనీ ఇక్కడ మూడు ఫ్యాక్టరీలని ఆడిట్ చేయాలి. భాష తెలుసు, దారి తెలుసు, నన్నే వెళ్ళమన్నారు. చెల్లెలున్న ఫ్యాక్టరీకీ, మా పాత ఫ్యాక్టరీకీ నేను వెళ్ళనన్నాను. ఆ రెండింటికీ రోటర్‌డామ్ నుంచి వేరే ఆయన వస్తున్నాడు. ఆయనకి టోకెన్ పుస్తకం ఎక్కడుంటుందో, రాత్రి షిఫ్టు ఎన్నింటికి మారుతుందో రాసిచ్చాను. మధ్యాహ్నం భోజనం వద్దంటే ఎంత నొచ్చుకుంటారో కూడా రాశాను. మూడోదానికి నేను వెళ్తున్నాను. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.